ఔట్‌లుక్‌లో పాస్‌వర్డ్ అడుగుతున్నది ఎవరు?

"సార్, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నాను. ఓకే నొక్కగానే పోతుంది, రెండు నిమిషాలకు మళ్లీ అదే బాక్స్. మెయిల్స్ మాత్రం వస్తూనే ఉన్నాయి."

ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేసే ఆవిడ హెల్ప్‌డెస్క్‌కు చెప్పిన మాటలివి. హెల్ప్‌డెస్క్ వాళ్లు మొదటి రెండు వాక్యాలూ విన్నారు, పాస్‌వర్డ్ రీసెట్ చేశారు. మూడో వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పాస్‌వర్డ్ నిజంగా తప్పయితే మెయిల్స్ ఎలా వస్తున్నాయి? ఆ వారంలో రీసెట్ మూడుసార్లు జరిగింది. రెండోదాని తర్వాత ఆవిడ అకౌంటే లాక్ అవడం మొదలైంది.

మెయిల్ సర్వర్ల పనిలో ఉన్నవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొన్ని మెయిల్‌బాక్సులు క్లౌడ్‌లో, కొన్ని సొంత సర్వర్‌లో ఉండే హైబ్రిడ్ ఏర్పాటులో ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు పాస్‌వర్డ్ సంగతి ఆఖరున చూడాలి. ఆ బాక్స్‌ను ఏ సర్వర్ పంపుతోందో ముందు తేల్చాలి. చాలాచోట్ల ఇది తిరగబడి జరుగుతోంది.

ఈ సంస్థలో ఉద్యోగుల మెయిల్‌బాక్సులు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు వెళ్లిపోయాయి. బిల్లులు వచ్చే షేర్డ్ మెయిల్‌బాక్స్ ఒకటి మాత్రం సొంత ఎక్స్ఛేంజ్ సర్వర్‌లోనే ఉండిపోయింది. సైజు పెద్దది, తర్వాత చూద్దాంలే అనుకున్నారు. ఆవిడ ఔట్‌లుక్‌లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆవిడ దృష్టిలో అది ఒకటే మెయిల్. లోపల మాత్రం ఔట్‌లుక్ రెండు వేర్వేరు సర్వర్లతో, రెండు వేర్వేరు పద్ధతుల్లో మాట్లాడుతోంది.

క్లౌడ్ వైపు నడిచేది మోడర్న్ అథెంటికేషన్. అక్కడ ఔట్‌లుక్ పాస్‌వర్డ్‌ను తన దగ్గర పెట్టుకోదు. మైక్రోసాఫ్ట్ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, మనం పాస్‌వర్డ్ అక్కడ ఇస్తాం, రెండో అంచె ధ్రువీకరణ ఉంటే అదీ అక్కడే జరుగుతుంది, ఔట్‌లుక్ చేతికి ప్రవేశ చీటీలాంటి టోకెన్ వస్తుంది. ఆ టోకెన్ ఆయుష్షు గంట, గంటన్నర. అది తీరేలోపు రిఫ్రెష్ టోకెన్‌తో కొత్తది చడీచప్పుడు లేకుండా వచ్చేస్తుంది. అందుకే నెలల తరబడి పాస్‌వర్డ్ అడగదు. సొంత సర్వర్ వైపు ఇంకా పాత పద్ధతే నడుస్తోంది, అంటే ఎన్‌టీఎల్‌ఎం. కనెక్షన్ కలిపే ప్రతిసారీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తెలుసని రుజువు చూపాలి. ఆ రుజువు కోసం విండోస్ వాటిని క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిపెడుతుంది.

రెండు వైపుల నుంచీ వచ్చే బాక్సుల ముఖాలు కూడా వేరు. క్లౌడ్ అడిగితే తెల్లటి వెబ్ పేజీలాంటిది వస్తుంది, చాలాసార్లు దాని మీద సంస్థ లోగో ఉంటుంది, ముందు యూజర్ పేరు అడిగి తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది. సొంత సర్వర్ అడిగితే `Windows Security` అన్న చిన్న బాక్స్ వస్తుంది. రెండు గడులూ ఒకేచోట ఉంటాయి, కింద `Remember my credentials` అన్న టిక్ ఉంటుంది. ఫోన్‌లో "ఏ బాక్స్ వస్తోంది మేడమ్, కింద టిక్ పెట్టే గడి ఉందా?" అని ఒక్క ప్రశ్న అడిగితే సగం దారి తెలిసిపోతుంది. ఒక మినహాయింపు ఉంది. పాత వెర్షన్ ఔట్‌లుక్ అయినా, రిజిస్ట్రీలో `EnableADAL` విలువ 0 అని ఎవరైనా ఎప్పుడో పెట్టి ఉన్నా క్లౌడ్ మెయిల్‌బాక్స్‌కు కూడా ఈ చిన్న బాక్సే వస్తుంది. అక్కడ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా తలుపు తెరుచుకోదు. పాస్‌వర్డ్‌నే నేరుగా పంపే బేసిక్ పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబర్ 1 నుంచి క్లౌడ్‌లో మూసేస్తూ వచ్చింది.

ఊహ మీద ఆధారపడకుండా తేల్చుకునే చోటు ఔట్‌లుక్‌లోనే ఉంది. గడియారం పక్కనుండే ఔట్‌లుక్ గుర్తు మీద కంట్రోల్ కీ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే `Connection Status` కనిపిస్తుంది. అందులో ఏ సర్వర్‌తో ఏ పద్ధతిలో కలిసిందో వరుసలవారీగా ఉంటుంది. `Authn` అన్న గడిలో `Bearer*` ఉంటే టోకెన్, `NTLM` లేదా `Nego*` ఉంటే విండోస్ పద్ధతి, `Clear*` ఉంటే బేసిక్. ఆవిడ మెషీన్‌లో `outlook.office365.com` వరుసలన్నీ `Bearer*` తో చక్కగా నిలబడి ఉన్నాయి. సంస్థ సొంత సర్వర్ వరుస ఒక్కటే కలవాలని చూస్తూ, కలవలేక మళ్లీ మొదలవుతోంది. మెయిల్స్ వస్తూనే ఉన్నాయని ఆవిడ చెప్పిందానికి అర్థం ఇదే.

కరెక్ట్ పాస్‌వర్డ్‌ను ఆ సర్వర్ ఎందుకు తోసిపుచ్చుతోంది? తప్పు యూజర్‌నేమ్ గడిలో ఉంది. ఆ బాక్స్ తెరుచుకోగానే అందులో ఆవిడ ఈమెయిల్ అడ్రస్ ముందే నిండి ఉంటోంది. క్లౌడ్‌లో లాగిన్ పేరు అదే. ఉద్యోగుల అకౌంట్లన్నీ ఉండే సంస్థ సొంత యాక్టివ్ డైరెక్టరీలో మాత్రం లాగిన్ పేరు `.local` తో ముగిసే పాతదే. క్లౌడ్‌తో సింక్ పెట్టినప్పుడు ఆ పేర్లు మార్చడం పెద్ద పని అనుకుని, ఈమెయిల్ అడ్రస్‌నే క్లౌడ్ లాగిన్‌గా వాడుకున్నారు. దాంతో ఆ ఈమెయిల్ అడ్రస్ పేరుతో ఎవరున్నారో సొంత సర్వర్‌కు తెలియదు. అక్కడ `DOMAIN\user` రూపంలో పేరు ఇవ్వాలి. మెయిల్‌బాక్స్ మార్చిన రోజు ఐటీ కుర్రాడొకరు సరిగ్గా అలాగే కొట్టి, టిక్ పెట్టి వెళ్లాడు. అందుకే పాస్‌వర్డ్ గడువు తీరేదాకా అంతా సాఫీగా నడిచింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్న ఆవిడకు యూజర్‌నేమ్ గడిలో ఉన్నది మార్చాలని ఎలా తెలుస్తుంది? తెలియాల్సిన అవసరం మాత్రం ఏముంది?

ఇక అకౌంట్ లాక్ అయిన సంగతి. ఇందులో ఒక విడ్డూరం ఉంది. తప్పు పాస్‌వర్డ్ వచ్చినప్పుడు యాక్టివ్ డైరెక్టరీ దాన్ని పాస్‌వర్డ్ హిస్టరీతో పోల్చి చూస్తుంది. అది ఇటీవలి రెండు పాత పాస్‌వర్డ్‌లలో ఒకటైతే లాగిన్ ఒప్పుకోదు గానీ, తప్పు ప్రయత్నాల లెక్కలో వేసుకోదు. మరిచిపోయిన ఫోన్, ఎక్కడో దాగిన పాత పాస్‌వర్డ్ వల్ల అమాయకులు లాక్ కాకుండా పెట్టిన ఏర్పాటు అది. క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాగిన పాత పాస్‌వర్డ్‌ను ఔట్‌లుక్ మొదటి రోజు నుంచీ పంపుతూనే ఉంది. లెక్కలోకి రాలేదు కాబట్టి లాక్ పడలేదు. హెల్ప్‌డెస్క్ చేసిన ఒక్కో రీసెట్‌తో ఆ పాత పాస్‌వర్డ్ హిస్టరీలో ఒక్కో మెట్టు కిందికి జారింది. రెండు మెట్లు దాటగానే అదే పాస్‌వర్డ్ నిజమైన తప్పుగా లెక్కకు వచ్చింది. డొమైన్ కంట్రోలర్ లాగ్‌లో, అకౌంట్ లాక్ అయిందని చెప్పే 4740 నంబర్ ఈవెంట్లు అప్పుడే వరుస కట్టాయి. రోగం తగ్గించబోయి మందే కొత్త రోగం తెచ్చిందన్నమాట.

ఆ తర్వాత అందరికీ తెలిసిన చిట్కా వచ్చింది: క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉన్నవన్నీ తీసేయడం. నాకు ఈ చిట్కా మీద పూర్తి వ్యతిరేకత లేదు. పాత పాస్‌వర్డ్ పోతుంది, లాక్ ఆగుతుంది. కానీ అన్నీ తీసేస్తే `MicrosoftOffice16_Data:ADAL` తో మొదలయ్యే ఎంట్రీలు, అంటే ఆఫీస్ సైన్-ఇన్‌కు సంబంధించినవి కూడా పోతాయి. అప్పుడు క్లౌడ్ పేజీ కూడా మళ్లీ అడుగుతుంది. రెండు రకాల బాక్సులూ ఒకేసారి రావడంతో ఏది ఎందుకు వచ్చిందో ఎవరికీ అంతుపట్టదు. ముందు జాబితా చూసి, సొంత సర్వర్ పేరున్న ఒక్కదాన్నే తీయాలి. కింద `mail.example.com` ఉన్నచోట మీ సర్వర్ పేరు పెట్టుకోండి.

```
cmdkey /list
cmdkey /delete:mail.example.com
```

జాబితాలో `Target:` పక్కన పేరు ఎలా ఉంటే `/delete:` తర్వాత కూడా అలాగే ఉండాలి. ఇది చేశాక ఔట్‌లుక్ తెరిచి, `DOMAIN\user` పేరుతో కొత్త పాస్‌వర్డ్ ఇస్తే పని నడుస్తుంది. ఎన్నాళ్లు? పాస్‌వర్డ్ గడువు మళ్లీ తీరేదాకా. అప్పుడు ఇదంతా మొదటికొస్తుంది. ఆ షేర్డ్ మెయిల్‌బాక్స్ వాడేవాళ్లు ఆ విభాగంలో పదకొండు మంది.

నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. నెలల తరబడి ఏ బాక్స్ వస్తే దాంట్లో పాస్‌వర్డ్ కొట్టడం ఆ పదకొండు మందికీ అలవాటైంది. దొంగ లాగిన్ పేజీ పంపేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఏడాదికోసారి సైబర్ భద్రత శిక్షణ అని కూర్చోబెట్టి, మిగతా రోజులన్నీ దానికి వ్యతిరేకమైన శిక్షణ మనమే ఇస్తున్నాం.

శాశ్వత పరిష్కారానికి రెండు దారులు. సొంత సర్వర్‌కు కూడా మోడర్న్ అథెంటికేషన్ నేర్పడం ఒకటి, దీన్నే హైబ్రిడ్ మోడర్న్ అథెంటికేషన్ అంటారు. ఎక్స్ఛేంజ్ 2016 అయితే కనీసం క్యుములేటివ్ అప్‌డేట్ 8 ఉండాలి. సర్వర్ బయటి అడ్రసులన్నీ క్లౌడ్‌లో నమోదు చేయాలి. తర్వాత సర్వర్ తన దగ్గరకు వచ్చినవాళ్లను మైక్రోసాఫ్ట్ లాగిన్ పేజీకి పంపుతుంది. పని అయిందో లేదో ఖాళీ టోకెన్‌తో తలుపు తట్టి చూడొచ్చు:

```
curl.exe -i -H "Authorization: Bearer" https://mail.example.com/autodiscover/autodiscover.xml
```

జవాబు 401 అనే వస్తుంది, కంగారు పడక్కర్లేదు. `WWW-Authenticate` వరుసల్లో `Bearer` తో పాటు `authorization_uri` కనిపిస్తే సర్వర్ టోకెన్ భాష మాట్లాడుతున్నట్టు. `Negotiate`, `NTLM` మాత్రమే ఉంటే ఇంకా పాత దారిలోనే ఉన్నట్టు. ఈ మార్పు సర్వర్ అంతటికీ వర్తిస్తుంది. క్లౌడ్‌కు సింక్ కాని అకౌంట్లు ఉన్నచోట దీన్ని ఆన్ చేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

రెండో దారి, ఆ మెయిల్‌బాక్స్‌ను కూడా క్లౌడ్‌కు పంపేయడం. ఈ కేసులో నేను దీనికే ఓటేశాను. ఎక్స్ఛేంజ్ 2016, 2019 రెండింటికీ మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఒక్క మెయిల్‌బాక్స్ కోసం అలాంటి సర్వర్‌కు కొత్త విద్య నేర్పడం దండగ. అసలు తప్పు తరలింపు జాబితా తయారుచేసిన రోజే జరిగింది. ఉద్యోగుల పేర్లు అక్షరక్రమంలో రాసుకున్నారు, ఎవరు ఏ షేర్డ్ మెయిల్‌బాక్స్ తెరుస్తారో చూసుకోలేదు. ఒకదాన్నొకటి వాడుకునేవాటిని ఒకే విడతలో పంపాలి.

బిల్లుల మెయిల్‌బాక్స్ శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారానికి క్లౌడ్‌లో దిగింది. సోమవారం తొమ్మిది మందికి బాక్స్ రాలేదు. మిగిలిన ఇద్దరికీ ఔట్‌లుక్ ప్రొఫైల్‌లో ఆ మెయిల్‌బాక్స్ పాత సర్వర్ చిరునామాతోనే అతుక్కుని ఉంది. దాన్ని తీసేసి మళ్లీ చేర్చాల్సి వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరు మనకు ఫోన్ చేసిన ఆవిడే.