పెళ్లికొడుకు కాళ్లు చల్లబడ్డాయి

మాటకు మాట అనువాదం చేసేవాళ్లను లోకం ఊరికే ఆడిపోసుకుంటుంది. వాళ్లంత నిజాయితీపరులు ఇంకెక్కడా దొరకరు. మూలంలో నాలుగు మాటలుంటే లెక్కపెట్టి నాలుగూ మన చేతికి అప్పగిస్తారు. అర్థం ఒక్కటే దారిలో ఎక్కడో జారిపోతుంది. దానికి వాళ్లేం చేస్తారు, పాపం!

మొన్న ఒక అనువాద నవలలో ఈ వాక్యం ఎదురైంది: "పెళ్లికి వారం ముందు పెళ్లికొడుకు కాళ్లు చల్లబడ్డాయి." నా గుండె గుభేలుమంది. తెలుగులో కాళ్లు చల్లబడ్డాయంటే ఇక బంధువులకు కబురు పెట్టడమే తరువాయి. పెళ్లికూతురి గతేమిటా అనుకుంటూ పేజీ తిప్పితే, పెళ్లికొడుకు నిక్షేపంలా కూర్చుని ఉన్నాడు. పైగా వాళ్లక్క "అతన్ని చుట్టూ మాట్లాడింది" అట. శవం చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడం మామూలే గనక అదీ సరిపోయిందనుకున్నాను.

ఇంగ్లీషులో 'కోల్డ్ ఫీట్' అంటే ఒప్పుకున్న పనికి తీరా వేళయ్యేసరికి జంకడం. 'టాక్డ్ హిమ్ రౌండ్' అంటే నచ్చజెప్పి ఒప్పించడం. "పెళ్లి వారం ఉందనగా పెళ్లికొడుకు వెనకాడాడు. వాళ్లక్కే నచ్చజెప్పింది" అంటే పోయేది. కాళ్లూ లేవు, చలీ లేదు, ఎవరూ చావలేదు.

అయితే జాతీయానికి జాతీయమే పెట్టి తీరాలనే పట్టుదల మనుషులూ ఉన్నారు. వాళ్లు "కాళ్లూ చేతులూ ఆడలేదు" అని రాసి మీసం మెలేస్తారు. కాళ్లు దొరికాయి, నిజమే. కానీ అది కంగారు. కంగారుపడేవాడు పెళ్లి వద్దనడు, తాళిబొట్టు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటాడు. పోనీ "జారుకున్నాడు" అందామా? అప్పుడు మనిషే ఇంట్లో లేడు, అక్క ఎవరికి నచ్చజెబుతుంది? ఇంగ్లీషు పుస్తకం మూసేసి, తెలుగు వాక్యాన్ని దాని తర్వాతి వాక్యంతో కలిపి చదివితే ఇలాంటివి ఇట్టే దొరుకుతాయి.

ఒక్కచోట మాత్రం "వెనకాడాడు" కూడా చేతులెత్తేస్తుంది. ఆ నవలలోనే తర్వాతి పేరాలో తమ్ముడికి ఉన్ని మేజోళ్లు కొనిచ్చి అక్క ఆటపట్టిస్తుంది. రచయిత అక్కడ ఆ చల్లటి పాదాలతోనే ఆడుకుంటున్నాడు. కాళ్లు తీసేస్తే మేజోళ్లు గాల్లో వేలాడతాయి. మన అనువాదకుడు వాటినీ యథాతథంగా అప్పగించాడు, శవానికి మేజోళ్లేమిటో నాకు అంతుపట్టలేదు.

చాలాసేపు గింజుకున్నాక నాకు తట్టింది ఇది: "పెళ్లి తలుచుకుంటే కాళ్లు వణుకుతున్నాయన్నాడు. చలికేమోలే అని వాళ్లక్క మేజోళ్లు కొనిచ్చింది." మనకు భయానికీ చలికీ వణికే కాళ్లు ఒకటే.