పదిసార్లు చదివినా పదో షెడ్యూల్ ఎందుకు గుర్తురాదు

“ఏ లిస్టైనా కూర్చున్న చోటే పదిసార్లు చదవండి, ఒక కోడ్ వర్డ్ పెట్టుకోండి. ఇక జీవితంలో మర్చిపోరు. డెఫినిషన్లూ అంతే, మక్కీకి మక్కీ బట్టీ పట్టేయండి. మధ్యలో మర్చిపోయారంటే సరిగ్గా చదవలేదన్నమాటే.”

గ్రూప్స్ అభ్యర్థుల మధ్య తెగ తిరుగుతున్న ఈ సలహాను రాజ్యాంగంలోని 12 షెడ్యూళ్ల మీద పెట్టి చూద్దాం.

ముందు పదిసార్ల సంగతి. నాలుగోసారి చదివేసరికి పేజీ కళ్లకు అలవాటైపోతుంది, ఆ అలవాటునే వచ్చేసిందనుకుంటాం. పరీక్ష హాల్లో మాత్రం పేజీ ఎదురుగా ఉండదు. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు, మరికొందరు ఒక విడత చదివి మూడు విడతలు చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత లెక్క తిరగబడింది: చదివినవాళ్లకు సుమారు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. పదిసార్లు చదివిన రాత్రి కలిగే ధైర్యాన్ని నమ్మకూడదనేది ఇందుకే.

కాబట్టి ఒకటి రెండుసార్లు శ్రద్ధగా చదివి పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద 1 నుంచి 12 వరకు అంకెలు వేసి నింపండి. రానిచోట వెంటనే పుస్తకం తెరవకుండా పది సెకన్లు ఆలోచించండి. ఆ తర్వాతే సరిచూసుకుని, తప్పినవాటిని మాత్రం మళ్లీ చదవండి.

ఇక కోడ్ వర్డ్. షెడ్యూళ్లకు అందరూ వాడేది ‘టియర్స్ ఆఫ్ ఓల్డ్ పీఎం’. పన్నెండు ఇంగ్లిష్ అక్షరాలు పన్నెండు షెడ్యూళ్లకు సరిపోతాయి, వరుస తప్పదు. ఆ మేరకు మంచిదే. అయితే ప్రశ్న వరుసలో రాదు. “పార్టీ ఫిరాయింపులు ఏ షెడ్యూల్?” అంటే వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టుకోవాలి. పైగా అందులో ‘ఓ’ రెండుసార్లు, ఆరులో ఒకటి, ఎనిమిదిలో ఒకటి. ఒకటి ఇతర గిరిజన ప్రాంతాలు, ఇంకొకటి అధికార భాషలు. ఏది ఏదో కోడ్ చెప్పదు.

అంకెనూ విషయాన్నీ నేరుగా ముడివేస్తే ఈ చిక్కు పోతుంది. ఆ అంకె వినగానే మనకు తట్టేదాన్నే కొక్కెంగా వాడాలి. ఐదంటే పాండవులు, వాళ్లు అరణ్యవాసంలో ఉన్నారు: షెడ్యూల్డ్ ప్రాంతాలు, అంటే పాడేరు, ఉట్నూరు లాంటి మన ఏజెన్సీ. ఆరంటే ఋతువులు, అందులో కుండపోత వాన, వాన అంటే మేఘాలయ: అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం గిరిజన ప్రాంతాలు. ఎనిమిది అష్టావధానం: భాషలు. తొమ్మిది నవధాన్యాలు పొలంలో చల్లడం: భూసంస్కరణల వంటి చట్టాలు. పది దశావతారాలు, అంటే రూపం మార్చడం: ఫిరాయింపులు. పదకొండు ఏకాదశి నాడు ఊరి రామాలయంలో భజన: పంచాయతీలు. పన్నెండు పుష్కరాల రద్దీలో రాజమండ్రి: మున్సిపాలిటీలు.

ఒక్కచోట జాగ్రత్త. ఐదుకు ‘పంచ’ అని పెట్టుకుంటే వెంటనే పంచాయతీ తగులుకుంటుంది, అదేమో పదకొండులో ఉంది. ఏ రెండు జవాబులు పదేపదే తారుమారవుతున్నాయో చూసి, వాటిలో ఒకదాని బొమ్మ మార్చేయండి. బొమ్మ అలాగే ఉంచి ఇంకో పదిసార్లు చదివితే తప్పే గట్టిపడుతుంది. ఇంకో పరిమితి కూడా ఉంది: పదో షెడ్యూల్ 1985లో 52వ సవరణతో వచ్చిందన్న సంగతి ఈ బొమ్మలో లేదు. దాన్ని విడి ప్రశ్నగా రాసుకోవాలి.

మర్చిపోవడం సరిగ్గా చదవనందుకు గుర్తు అనే మాట చాలామందిని అనవసరంగా కుంగదీస్తోంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీదే చేసుకుని 1885లో ప్రచురించిన పరీక్షల్లో, ఒకే రోజు వరుసగా 68సార్లు వల్లెవేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచిన 38సార్లతోనే వచ్చింది. విరామంలో కాస్త మసకబారినదాన్ని పుస్తకం చూడకుండా వెనక్కి లాగితేనే పట్టు పెరుగుతుంది. పరీక్షకు రెండు నెలలుంటే అదే సాయంత్రం, మర్నాడు, ఆపైన 3 రోజులకు, వారానికి, రెండు వారాలకు, మూడు వారాలకు రాసి చూసుకోండి. తప్పిన షెడ్యూల్ ఒక్కటే మళ్లీ ‘మర్నాటి’కి వెళ్లాలి, జాబితా మొత్తం కాదు. ప్రతిసారీ అన్నీ తడుముకోకుండా వచ్చేస్తుంటే విరామం చాలడం లేదు, పెంచండి. సగం పోతుంటే తగ్గించండి. అడగడం కూడా రెండువైపుల నుంచీ, వరుస కలిపేసి సాగాలి: “తొమ్మిదిలో ఏముంది?”, “భాషలు ఎన్నోది?”

నిర్వచనాల్లో మక్కీకి మక్కీ బట్టీ పడితే ఒక్క మాట జారినా మొత్తం ఆగిపోతుంది. ద్రవ్యోల్బణం అంటే వస్తుసేవల సాధారణ ధరల స్థాయి కొంతకాలం నిరంతరంగా పెరగడం. దీన్ని విరిచి, ఒక్కో ముక్క తీసేస్తే ఏమవుతుందో చూడండి. ‘సాధారణ స్థాయి’ తీసేస్తే వేసవిలో టమాటా ఒక్కటే పెరిగినా ద్రవ్యోల్బణమే అనాలి. ‘నిరంతరంగా’ తీసేస్తే పండగ వారంలో పెరిగి తగ్గిన ధరలూ అందులోకే వస్తాయి. ప్రతి ముక్కకూ అది అడ్డుకునే తప్పుడు ఉదాహరణను పక్కన రాసుకోండి. తిరిగి చూసుకునేటప్పుడు ఆ ఉదాహరణ చూసి, అది ఎందుకు ద్రవ్యోల్బణం కాదో చెప్పగలిగితే నిర్వచనం మీ మాటల్లోనే పూర్తిగా వస్తుంది.