డయాస్టేస్ లేదట, ఉమ్మండి డాక్టరమ్మా

ఇంకా మంట చల్లారలేదు కాబట్టి గబగబా చెప్పేస్తా. మూడేళ్ల బాబు, పొట్ట ముందుకొచ్చేసి లివర్ బాగా పెరిగిపోయి ఉంది, తిండి కాస్త లేటయితే చాలు షుగర్ పడిపోతోంది. పిల్లల వార్డు వాళ్ళు మా పాథాలజీ ల్యాబుకి లివర్ బయాప్సీ పంపారు. మామూలు హెచ్ అండ్ ఈ స్లైడ్‌లో చూస్తే కణాలు ఉబ్బి, లోపలంతా తెల్లగా పాలిపోయి, అంచులు మాత్రం పెన్నుతో గీసినట్టు ఉన్నాయి. గ్లైకోజెన్ పేరుకుపోయే జబ్బేమో అనిపించింది. మేడమ్ చూసి "పీఏఎస్, పీఏఎస్-డి స్టెయిన్లు రెండూ చేయించు, రేపు చూద్దాం" అనేసి మీటింగ్‌కి వెళ్ళిపోయారు. ట్రైక్రోమ్ మాత్రం ముందే అయిపోయింది, కొలాజెన్ నీలంగా పోర్టల్ ట్రాక్ట్‌ల దగ్గర కొంచెమే ఉంది, అంటే ఫైబ్రోసిస్ పెద్దగా లేదు, దాంతో గొడవేం లేదు.

గొడవంతా ఆ "డి" తోనే, అంటే డయాస్టేస్ అనే ఎంజైమ్‌తోనే. పీఏఎస్ వరకూ ఏ తంటా లేదు. పెరయాడిక్ యాసిడ్ ఒక అయిదు పది నిమిషాలు పెడితే చక్కెర గొలుసుల్లో పక్కపక్కనే ఉన్న ఓహెచ్‌ల మధ్య బంధం తెగి ఆల్డిహైడ్‌లు తయారవుతాయి. తర్వాత షిఫ్ పోస్తాం, సీసాలో రంగే ఉండదు దానికి, ఆల్డిహైడ్ తగిలితే మాత్రం మెజెంటా ఎక్కుతుంది, కుళాయి నీళ్ళ కింద కడిగేకొద్దీ ఇంకా ముదురుతుంది. (మీద పడ్డప్పుడు కూడా ఏమీ కనపడదు, ఇంటికెళ్ళాక తెలుస్తుంది. నా కొత్త కాటన్ చుడీదార్ సంగతి ఇప్పుడొద్దు.) చిక్కేంటంటే ఈ మెజెంటా గ్లైకోజెన్‌కే కాదు, మ్యూకస్‌కి, బేస్‌మెంట్ మెంబ్రేన్‌కి, ఫంగస్ గోడకి, అందరికీ ఎక్కుతుంది. అందుకే ఇంకో స్లైడ్ తీసుకుని ముందు డయాస్టేస్‌తో గ్లైకోజెన్‌ని తినిపించేసి, ఆ తర్వాత అదే పీఏఎస్ వేస్తాం. మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో మాయమైంది గ్లైకోజెన్. అదే బ్యాచ్‌లో సైనస్ ముక్క కూడా ఒకటుంది, అందులో ఫంగస్ ఉంటే డయాస్టేస్ పెట్టినా దాని గోడ చెక్కుచెదరదు, చుట్టుపక్కల గ్లైకోజెన్ పోయి దారాలు ఇంకా స్పష్టంగా కనపడతాయి. ఇంత పని చేసే ఆ డయాస్టేస్ పొడి సీసా అడుగంటి ఎన్నాళ్ళయిందో, స్టోర్స్‌లో మా ఇండెంట్ మాత్రం "సంతకం కోసం వెళ్ళింది". ఎవరి సంతకం అని అడిగితే ఆయన లీవులో ఉన్నారట.

మా టెక్నీషియన్ అన్నకి ఇదంతా మామూలే. "ఉమ్మి ఉందిగా మేడమ్" అన్నాడు. నిజమే, ఉమ్మిలో ఉండేది అమైలేస్, పని అదే, పాతకాలం నుంచీ ల్యాబుల్లో చేసేదే, పుస్తకాల్లో కూడా ఉంటుంది. బయోసేఫ్టీ వాళ్ళకి నచ్చదు, కానీ వాళ్ళెవరూ స్టోర్స్‌కి ఫోన్ చెయ్యరుగా. "మరి నువ్వే ఉమ్మన్నా" అన్నా. తను గుట్కా అట, పనికిరాదట. అటెండర్ అప్పుడే టిఫిన్ తిన్నాడట. అలా తిరిగి తిరిగి నా దగ్గరకే వచ్చింది.

నోరు బాగా పుక్కిలించి, స్లైడ్ మైనం కరిగించి, నీళ్ళ దాకా తెచ్చిపెట్టుకుని బల్ల ముందు నిలబడ్డాను. అంతే, నోరు ఎండిపోయింది. రోజంతా మాట్లాడి మాట్లాడి తుంపర్లు పడే నోరు, పని పడేసరికి ఎడారి. పారఫిన్ మైనం ముక్క నమిలితే ఊరుతుందని అన్న ఒక శుభ్రమైన ముక్క ఇచ్చాడు, నమిలితే రుచీ పచీ లేదు, ఊరింది కూడా లేదు. "పచ్చి మామిడికాయ ముక్క, ఉప్పూ కారం అద్దుకుని, తలుచుకోండి మేడమ్" అన్నాడు. తలుచుకున్నా. దవడల కింద జివ్వుమంది. ఇంకో పీజీ వచ్చి "చింతకాయ, లేత చింతకాయ" అని అందుకుంది. ఇద్దరూ నా రెండు చెవుల దగ్గరా నిలబడి మెనూ చదువుతున్నారు, నేను స్లైడ్ మీదకి వంగి, పడేసరికి గురి తప్పకూడదు కదా, నెమ్మదిగా వదులుతున్నా. అది తెగదే! తీగపాకంలా పెదవి నుంచి స్లైడ్ దాకా సాగుతోంది, తల ఎత్తితే ఇంకా సాగుతోంది, చేత్తో తుడుచుకుందామంటే రెండు చేతులకీ గ్లౌజులు.

సరిగ్గా అప్పుడే "అయ్యయ్యో" అని వినపడింది.

తలుపు దగ్గర బాబు అమ్మమ్మ. లోపలికి రావద్దని బోర్డుంది, కానీ రిపోర్టులకీ చీటీలకీ పేషెంటు మనుషుల్నే పై అంతస్తుకీ కింది అంతస్తుకీ తిప్పేది మా ఆసుపత్రే, ఇంక బోర్డెవరు చదువుతారు. "మావాడి ముక్కేనా అమ్మా అది?" అంది. నాకు నోట్లోంచి ఇంకా తీగ వేలాడుతోంది, మాట ఎలా వస్తుంది, తల ఊపాను. ఊపితే తీగ కూడా ఊగింది.

తిడుతుందనుకున్నా. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "దిష్టి తీస్తన్నారా తల్లీ, నేను మొదట్నించీ అదే మొత్తుకుంటన్నా, ఇంట్లో ఎవరైనా వింటేనా" అంది. అన్న గోడ వైపు తిరిగిపోయాడు, భుజాలు కదులుతున్నాయి. తీగ తెగాక నేను "అలా కాదమ్మా, ఇందులో గ్లైకోజెన్..." అని మొదలెట్టాను, ఆవిడ విననే లేదు, పైగా తప్పు దిద్దింది: "మీరు ఉమ్మితే ఎట్టా అమ్మా? పిల్లోడి చేత మూడుసార్లు ఉమ్మించాలి. పైకి తీసుకురమ్మంటారా?"

ఒక్క క్షణం, మూడేళ్ల వాడి ఉమ్మి కూడా పనికొస్తుంది కదా అని ఆలోచించిన మాట వాస్తవం.

ఆవిణ్ణి పంపించేసి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాం, బాగా కడిగి పీఏఎస్ వేశాం. ముందుగా కంట్రోల్ చూశా, మామూలు లివర్ ముక్క, ఉమ్మని స్లైడ్ మెజెంటా, ఉమ్మింది వెలవెలబోయింది. నా ఉమ్మి పనిచేసిందన్నమాట. కంట్రోల్ కూడా అలాగే మెజెంటాగా ఉండిపోతే ఉమ్మిలో సత్తా లేదని అర్థం, అప్పుడు బాబు స్లైడ్ ఎలా ఉన్నా నమ్మడానికి లేదు. బాబు స్లైడ్‌లో కణాల నిండా ముద్దలు ముద్దలుగా మెజెంటా, రెండో దాంట్లో శుభ్రంగా ఖాళీ. గ్లైకోజెనే. అయితే మామూలు లివర్‌లో కూడా గ్లైకోజెన్ ఉంటుంది కాబట్టి ఇంతమాత్రాన జబ్బు ఖాయం కాదు, ఈ జబ్బు నాలుగో రకంలోనైతే అసాధారణ గ్లైకోజెన్ డయాస్టేస్‌కి సరిగ్గా లొంగదు కూడా, ఏ రకమో తేలాలంటే ఎంజైమ్ పరీక్షో జీన్ పరీక్షో చెయ్యాలి. మేడమ్ అదే రాయమన్నారు.

అంతా అయ్యాక క్వాలిటీ రిజిస్టర్ నా ముందు పడింది. వాడిన ప్రతి రీఏజెంట్‌కీ సప్లయర్, బ్యాచ్ నెంబర్, ఎక్స్‌పైరీ రాయాలట, ఖాళీ వదిలితే స్టోర్స్ వాళ్ళు తర్వాతి ఇండెంట్ తీసుకోరట. డయాస్టేస్ సీసా ఒకటి కొనివ్వడానికి చేతకాదు గానీ కాలమ్‌లు మాత్రం కావాలి వీళ్ళకి. సప్లయర్ దగ్గర నా పేరు రాశా, బ్యాచ్ దగ్గర నా పీజీ బ్యాచ్ వేశా. ఎక్స్‌పైరీ దగ్గర పెన్ను ఆపి కూర్చుంటే, అన్న వచ్చి తొంగిచూసి, "జాగ్రత్తగా రాయండి మేడమ్, ఆడిట్ వాళ్ళు చూస్తారు" అంటాడు.