అక్షరాల చుట్టూ తెల్ల అంచు

బరంపురంలో మా మావయ్యగారింట్లో 43 అంగుళాల కొత్త టీవీ పెట్టిన మూడో రోజున ఆయన కళ్లజోడు మార్పించుకోవాలన్నారు. తెలుగు వార్తల్లో కింద పరిగెత్తే అక్షరాలు ఆనడం లేదట. దగ్గరికెళ్లి చూశాను. లేత పసుపు పట్టీ మీద నల్ల అక్షరాలు, ప్రతిదాని చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు ఓ తెల్ల అంచు. ఒడియా చానల్‌లోనూ అదే వరస. మన అక్షరాల్లో సన్నటి ఒత్తులు ఆ తెలుపులో పడి మరీ చెదిరిపోతున్నాయి. లోపం కళ్లజోడుది కాదు, టీవీలో షార్ప్‌నెస్‌ది.

టీవీ ‘వివిడ్’ మోడ్‌లో ఉంది. షార్ప్‌నెస్ 70, కాంట్రాస్ట్ 100, బ్యాక్‌లైట్ 100. ఆ మోడ్ దుకాణం కోసం పుట్టింది. ట్యూబ్‌లైట్ల కింద, పక్కన మరో పది టీవీలు వెలుగుతుండగా, నడిచిపోయేవాడి చూపు లాగడమే దాని పని. రాత్రి ఎనిమిదింటికి ముందుగదిలో కూర్చుని చూసేవాళ్ల సంగతి దానికి పట్టదు. అందుకే కంపెనీ మోడ్‌ని నమ్మి వదిలేయకూడదంటాను. అలాగని ఎవరో చెప్పిన నంబర్లు ఎక్కించుకోవడమూ దండగే. ఒక మోడల్‌లో 10 చేసే పని ఇంకో మోడల్‌లో 50 చేస్తుంది. టెస్ట్ ప్యాటర్న్, అంటే సెట్టింగులు సరిచూసుకోవడానికి గీసిపెట్టిన బొమ్మ, తెర మీద పెట్టి మన టీవీనే అడగాలి.

AVS HD 709 అని ఉచితంగా దొరికే ప్యాటర్న్‌లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాను. టీవీని అరగంట వెలగనిచ్చి, ‘మూవీ’ మోడ్‌కి మార్చి, గది వెలుతురును బట్టి తనంతట తాను మారే సెన్సర్‌ని ఆపేశాను. బొమ్మ సైజును కూడా అంచులు కోయకుండా ఉన్నదున్నట్టు చూపే పద్ధతికి మార్చాను. ఇది మరిస్తే బొమ్మ సాగి గీతలు మొద్దుబారతాయి, షార్ప్‌నెస్ ఎంత తిప్పినా తేలదు.

షార్ప్‌నెస్ ప్యాటర్న్‌లో బూడిదరంగు మీద సన్నటి నల్ల గీతలుంటాయి. 70 దగ్గర ప్రతి గీతకూ అటూ ఇటూ తెల్లటి నీడ. షార్ప్‌నెస్ పెంచితే బొమ్మలో లేని వివరం ఎక్కడి నుంచో రాదు. అంచుకి ఒకవైపు తెలుపును, రెండోవైపు నలుపును దట్టిస్తుంది, అంతే. ఒక్కో అంకే దించుతూ పోతే 20 దగ్గర నీడ పలచబడింది, 10 దగ్గర మాయమైంది. సున్నాకి తెస్తే గీతే మసకేసింది. కాబట్టి 10 దగ్గర ఆపాను. కొన్ని టీవీల్లో సున్నాయే సరైన చోటు, కొన్నిటిలో మధ్య అంకె. నీడ పోవాలి, గీత మసకేయకూడదు, గురుతు అదే.

కాంట్రాస్ట్‌కి ఇంకో ప్యాటర్న్. వీడియోలో వెలుగుకి అంకెలుంటాయి, నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర. 230 నుంచి 234 వరకు పట్టీలు మినుకుమినుకుమనాలి. 100 దగ్గర అన్నీ ఒకే సున్నపు గోడ. 88కి దించేసరికి 234 పట్టీ కూడా కదిలింది. పెళ్లి వీడియోలో తెల్ల పంచె మడతలు కనబడకుండా అట్టముక్కలా ఉంటే కారణం చాలాసార్లు ఇదే. (బ్రైట్‌నెస్ అనే మీట పేరు చూసి మోసపోవద్దు. చాలా టీవీల్లో అది తిప్పేది నలుపుని. 17 పట్టీ లీలగా కనబడి 16 కనబడకపోతే దాన్ని ముట్టుకోనక్కర్లేదు.)

బ్యాక్‌లైట్‌కి మాత్రం ప్యాటర్న్ లేదు. అది తెర వెనక దీపం, దాన్ని గదిని బట్టి పెట్టుకోవాలి. ముందు దీన్ని 100లో ఉంచి, కళ్లు మండుతున్నాయని కాంట్రాస్ట్ తగ్గించుకుంటారు మనవాళ్లు. బొమ్మ చప్పబడిపోతుంది. మావయ్యగారి గదిలో రాత్రికి 35 సరిపోయింది, వీధి తలుపు తెరిచి ఉండే పగటికి 70 కావాల్సి వచ్చింది. రెండిటినీ రెండు మోడ్‌లలో దాచాను.

అంతా అయ్యాక పెద్దాయన తేరిపార చూసి, “ఏట్రా, టీవీకి జొరం తగిలిందేటి? ఇలా పాలిపోయింది!” అన్నారు.

“ఓ వారం చూడండి మావయ్యా, నచ్చకపోతే పాతదే పెట్టేస్తాను” అన్నాను. వివిడ్‌లోని నీలపు తెలుపుకి అలవాటుపడిన కంటికి మూవీ మోడ్ మొదట పసుపుగా తోస్తుంది.

మర్నాడు ఇంకో చిక్కు. సెట్‌టాప్ బాక్స్ పెడితే మళ్లీ తెల్ల అంచులే. చాలా టీవీలు ఒక్కో పోర్టుకి విడిగా సెట్టింగులు దాచుకుంటాయి. నేను సరిచేసింది పెన్‌డ్రైవ్ పోర్టుని. అవే అంకెలు ఆ పోర్టుకీ ఎక్కించాక అంచులు పోయాయి. అయినా నాసిరకం ప్రసారమున్న పాత చానళ్లు మెత్తగానే ఉన్నాయి, వాటికి మందు టీవీలో లేదు. రంగులు తూచినట్టు సరిచేయాలంటే కొలిచే మీటర్ కావాలి, కంటితో అయ్యే పని కాదు.

వారం తరవాత ఫోన్ చేస్తే జొరం ఊసు లేదు. కింది పట్టీలో ‘ముఖ్యమంత్రి’లో ఒత్తు ఎగిరిపోయిందని, చానల్‌వాళ్లకి చదువు రాదని తిడుతున్నారు.