వత్తు కనిపిస్తేనే పెద్ద అచ్చు

చెన్నైలో తెలుగు మాధ్యమంలో చదువుతున్న ఒక అమ్మాయికి చూపు తక్కువని తెలియగానే, పాఠాన్ని ఏ4 నుంచి ఏ3 కాగితం మీదికి జిరాక్స్ తీయించి ఇవ్వడం సాధారణంగా జరిగే పని. అలా చేస్తే 12 పాయింట్ల అక్షరం 17 దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లిష్‌లో పెద్ద అచ్చుకు కనీసంగా చెప్పే 18 పాయింట్లు కూడా తెలుగుకు చాలకపోవచ్చు, ఎందుకంటే మన వత్తు అసలు అక్షరం కన్నా బాగా చిన్నది.

పువ్వు భాగాల పాఠాన్నే చూడండి. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు అన్న మాటలు వత్తులు కనిపిస్తేనే చదవగలిగేవి. అందుకే అచ్చు పరిమాణాన్ని పద్యం–పద్మం, వర్ణం–వర్గం, విధి–వీధి వంటి జంటలతో తేల్చాలి. వాక్యంలో ఇస్తే పిల్ల సందర్భాన్ని బట్టి ఊహించి చదివేస్తుంది, మనం చూపు సరిపోయిందనుకుంటాం. ఆమె తన అలవాటైన దూరంలో, తడబడకుండా చదివిన పరిమాణాన్నే ఖాయం చేయాలి. అయితే చూపు పరిధి కుదించుకుపోయిన పిల్లలకు అక్షరం మరీ పెంచితే ఒక చూపులో రెండు అక్షరాలు కూడా పట్టవు; వారికి పెంచడమే అడ్డంకి అవుతుంది.

ఇక పువ్వు. పాఠాల్లో తరచుగా చూపే ఉమ్మెత్తను నేను ఈ పాఠానికి వద్దంటాను. దాని రసం అంటిన వేలితో కన్ను నులుముకుంటే కనుపాప విప్పారి ఉన్న చూపు కూడా మసకబారుతుంది. మందారం మేలు. ముందు పువ్వు మొత్తాన్ని కాడతో సహా చేతికివ్వాలి. కేసరాలు నలిగిపోతాయి కనుక ఒక్కొక్కరికి రెండు మూడు పువ్వులు కావాలి. మందారంలో కేసరాలన్నీ కలిసి ఒక గొట్టంలా ఏర్పడతాయి, కీలం ఆ గొట్టంలోంచి సాగి పైన అయిదు కొనలుగా చీలుతుంది. ఈ అమరిక అసలు పువ్వులో వేలికి అందనంత సన్నం. దాన్ని జానెడు పొడవున బంకమట్టితో చేసి, గొట్టానికి గరుకుదనం, కీలానికి నునుపు ఇవ్వాలి. రంగులు మాత్రమే మార్చిన నమూనా వేలికి ఏమీ చెప్పదు. నమూనాతో పాటు అసలు పువ్వును రెండో చేతిలో ఉంచకపోతే మందారం అంత పెద్దదనే భావన నిలిచిపోతుంది.

మాటతో చెప్పేటప్పుడు "ఇదిగో, ఇక్కడ" అన్నవి పనికిరావు. "కాడ నుంచి పైకి రండి, మొదట తగిలే సన్నని ఆకుపచ్చ వరుసను దాటితే గిన్నెలాంటి రక్షక పత్రావళి వస్తుంది" అని వేలు నడిచే క్రమంలోనే చెప్పాలి. పిల్ల చేయి పట్టి లాగకూడదు. మన చేతిని ఆమె చేతి కింద ఉంచి దారి చూపాలి. వేలు కొత్త చోట ఆగినప్పుడు మనం కూడా ఆగాలి.

పాఠం పట్టుబడిందో లేదో పేర్లు అప్పజెప్పించి తెలుసుకోలేం. బెండపువ్వును తలకిందులుగా ఇచ్చి కేసరాల గొట్టం ఎక్కడుందో అడగాలి. ఆమె పువ్వును తిప్పుకొని, కాడను వెతికి, అక్కడి నుంచి మొదలుపెడితే నమూనా పని చేసినట్టు. నేరుగా రేకుల కొనల నుంచి లెక్కపెడితే మాత్రం మనం చెప్పిన క్రమాన్నే తిరిగి చూసుకోవాలి.