స్కాన్ నార్మల్ వస్తే పీఐడీ లేనట్టేనా?

కావలి పక్క పల్లెలో పాతికేళ్ల అమ్మాయి ఉందనుకుందాం, ఒక బిడ్డ తల్లి. నాలుగు రోజులుగా పొత్తికడుపులో రెండు వైపులా నొప్పి, తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది, భర్తతో కలిసినప్పుడు లోపల నొప్పి, జ్వరం మాత్రం లేదు. వేడి చేసిందని అత్తగారు మజ్జిగ తాగిస్తుంది, ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు రోజులకు మాత్రలిస్తాడు, తగ్గకపోతే టౌనుకొచ్చి స్కాన్ తీయిస్తారు. రిపోర్టు నార్మల్. ‘ఏం లేదమ్మా, వెళ్లు’ అంటారు. నా అభ్యంతరమంతా ఈ మాట మీదే.

యోని నుంచి సూక్ష్మక్రిములు పైకి పాకి గర్భసంచికి, ట్యూబులకు, అండాశయాలకు సోకితే దాన్ని పీఐడీ అంటారు. క్లమీడియా, గనేరియా ముఖ్యమైనవి, వాటితో పాటు యోనిలో ఉండే ఇతర బ్యాక్టీరియా కూడా చేరుతుంది. తొలి రోజుల్లో ట్యూబు లోపలి పొర వాచినా స్కాన్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. చీము గడ్డ కట్టాకో, ట్యూబులో నీరు నిండి ఉబ్బాకో కనిపిస్తుంది, అప్పటికి జరగాల్సిన నష్టం కొంత జరిగిపోతుంది. స్కాన్ వద్దని కాదు, గడ్డ ఉందేమో చూడటానికి అది కావాలి. జబ్బు లేదని చెప్పడానికి మాత్రం అది చాలదు.

మరి తేల్చేదెలా? చేత్తో పరీక్ష చేసి. డాక్టరు గ్లవుజు వేసుకుని రెండు వేళ్లతో గర్భసంచి ముఖద్వారాన్ని కదిపి చూస్తారు, రెండో చెయ్యి పొత్తికడుపు మీద ఉంచి గర్భసంచిని, పక్కనున్న ట్యూబులను నొక్కి చూస్తారు. పొత్తికడుపు నొప్పికి వేరే కారణం కనపడక, ఈ మూడింట్లో ఏ ఒక్కచోట నొప్పి పుట్టినా మందు మొదలుపెట్టాలి. జ్వరం ఉండి తీరాలని లేదు. ముందు మూత్రంలో ప్రెగ్నెన్సీ టెస్ట్ తప్పనిసరి, ఎందుకంటే ట్యూబులో గర్భం నిలిచినా ఇలాగే నొప్పి వస్తుంది. కుడివైపే నొప్పైతే అపెండిక్స్ సంగతీ చూడాలి. ఈ పద్ధతిలో పీఐడీ లేని కొందరికి కూడా మందు పడుతుంది, నిజమే. అయినా అదే సరైన పనని నేనంటాను, ఎందుకంటే అనవసరంగా వాడిన కోర్సుతో కడుపు తిప్పడం, వాంతులు లాంటివి కొన్నాళ్లు ఉంటాయి, పాడైన ట్యూబు మాత్రం మళ్లీ బాగుపడదు. ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. కిక్కిరిసిన ఓపీలో, అత్తగారు పక్కనే ఉండగా, ఏ అమ్మాయీ కలిసినప్పుడు నొప్పి అని చెప్పదు. తెర, తోడుగా నర్సు, రెండు నిమిషాల ఏకాంతం లేకపోతే ఈ జబ్బు బయటపడదు.

గర్భం లేదని తేలాక, ఇంట్లో ఉండి వాడే వైద్యం ఇది: సెఫ్ట్రియాక్సోన్ 500 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఒక్కసారి, డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు, ఈ రెండూ రోజుకు రెండుసార్లు 14 రోజులు. ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్‌లలో పొత్తికడుపు నొప్పికి ఇచ్చే పసుపు రంగు కిట్టులో ఇంజెక్షన్ బదులు సెఫిక్సిమ్ మాత్ర ఉంటుంది, మిగతా రెండు మందులూ అక్కడ కూడా 14 రోజులే. మూడు రోజుల్లో నొప్పి తగ్గుముఖం పట్టాలి, పట్టకపోతే మళ్లీ చూడాలి, అడ్మిట్ చేయాల్సి రావచ్చు. గర్భిణి అయినా, వాంతులతో మాత్రలు నిలవకపోయినా, చీము గడ్డ కనిపించినా మొదటి రోజే ఆస్పత్రిలో పెట్టాలి. మన దగ్గర కోర్సు దెబ్బతినేది నాలుగో రోజున. నొప్పి పోతుంది, డాక్సీసైక్లిన్‌తో కడుపు తిప్పుతుంది, మాత్రలు అలమరలోకి వెళ్లిపోతాయి. అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోవద్దని చెప్పి పంపిస్తే చాలామంది పూర్తిచేస్తారు.

భర్తకూ వైద్యం చేయాలి, ఇద్దరిదీ పూర్తయ్యేదాకా కలవకూడదు. లేకపోతే మళ్లీ సోకుతుంది. క్లమీడియా ఏ లక్షణమూ లేకుండా నెలల తరబడి ఉండగలదు కాబట్టి ఎవరి నుంచి వచ్చిందో తేల్చాలని ఇంట్లో పంచాయితీ పెట్టడం దండగ, క్రూరం కూడా.

మళ్లీ సోకితే ఏమవుతుందో స్వీడన్‌లో చాలా ఏళ్లు గమనించి 1992లో లెక్క చెప్పారు. ఒకసారి పీఐడీ వచ్చినవాళ్లలో ట్యూబులు పాడై పిల్లలు కలగనివాళ్లు సుమారు 8 శాతం, రెండుసార్లు వస్తే 20 శాతానికి దగ్గర, మూడు అంతకంటే ఎక్కువసార్లైతే 40 శాతం. పూర్తిగా మూసుకుపోని ట్యూబుతో ఇంకో ప్రమాదం. లోపలి సన్నటి నూగు దెబ్బతిని పిండం గర్భసంచికి చేరలేక దారిలోనే ఆగిపోతుంది. అదే అధ్యయనంలో పీఐడీ తర్వాత వచ్చిన తొలి గర్భాల్లో 9 శాతం ఇలా ట్యూబులో నిలిచాయి, పీఐడీ లేనివాళ్లలో ఇది 1.4 శాతమే.

అందుకే పీఐడీకి మందు రాసిన ప్రతి డాక్టరూ ఆ పేరును చీటీ మీద స్పష్టంగా రాయాలి, ఆ అమ్మాయికి దాచుకోమని చెప్పాలి. రేపు నెల తప్పి, ఒకవైపు నొప్పి, కొంచెం రక్తం కనపడి, కళ్లు తిరుగుతుంటే నెల్లూరు పెద్దాస్పత్రిలోనో ఒంగోలు రిమ్స్‌లోనో ఎమర్జెన్సీలో ఉన్నవాళ్లు ఆ చీటీ చూసి గర్భం ఎక్కడ నిలిచిందన్నది ముందు వెతుకుతారు.