ఏదో పారుతాంది చిన్నాయనా

అనంతపురంలో మనిషి ఎదురుపడగానే "ఏమప్పా, బాగుండావా?" అంటారు. దానికి నిలబడి జవాబు చెప్పేవాడు ఊరికి కొత్త అని అర్థం. ఎందుకంటే మీరు నోరు తెరిచేలోపే "ఎప్పుడొచ్చినావ్?" పడుతుంది, దాని వెనకే "ఏందిరా ఇంత ఒళ్లు చేసినావ్?" వస్తుంది, ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గించి, తల కొంచెం ముందుకు వంచి, అసలు పనిలోకి దిగుతారు. "ఎంతొస్తాది ఇప్పుడు?" శుక్రవారం రాత్రి బెంగళూరులో బస్సెక్కి, శనివారం పొద్దున సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని, బజ్జి ముందు నిలబడ్డ ప్రతి సాఫ్ట్‌వేర్ అబ్బాయికీ, అమ్మాయికీ ఈ వరుస కంఠతా వచ్చు. రానిది జవాబే. ఆ లోటు తీర్చడానికే, పూర్తిగా ప్రజాహితం కోరి, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందుగా ఏం చెప్పకూడదో చూద్దాం. ఈ మధ్య మన పిల్లలు ఫోన్లలో చూసి ఒకటి నేర్చుకొచ్చారు. "అది నా పర్సనల్ అంకుల్." బాగుంది, చెప్పండి. సాయంత్రానికి కమలానగర్‌లో మీ మీద రెండు వార్తలు తిరుగుతుంటాయి. ఒకటి, వానికి ఉద్యోగం పోయిందంట, అందుకే అడిగితే చాలు కరుస్తాండాడు. రెండోది, బాగా గుంజుతాండాడంట, మనకు తెలిస్తే అప్పడుగుతామని భయం. మీరు చెప్పని అంకెను ఊరు ఖాళీగా ఉంచదు, తనకు తోచింది వేసి పెడుతుంది.

పోనీ ఏదో ఒక అంకె చెప్పి తప్పించుకుందామంటే దానికీ ఖర్చుంది. తక్కువ చెబితే "ఈ మాత్రం దానికి బెంగళూరు దాకా పోవల్లా?" అని మీ నాయనను పిలిచి మరీ ఓదారుస్తారు, వచ్చే సంబంధం ఒకటి వెనక్కి పోతుంది. ఎక్కువ చెబితే చీటీ వేసేవాళ్లు, గుడికి గోపురం కట్టేవాళ్లు, మేనల్లుడికి ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సినవాళ్లు ఆదివారం టిఫిన్ టైముకల్లా ఇంటికొస్తారు. నిజమే చెబితే ఇంకా ఇబ్బంది, ఎవరూ నమ్మరు.

మరి మర్యాద చెడకుండా ఏం చేయాలి? ఈ విద్య మన జిల్లాలో ఎప్పటి నుంచో ఉంది, మనమే గుర్తుపట్టలేదు. మీ జీతం అడిగిన చిన్నాయననే (సొంత చిన్నాయన కానక్కర్లేదు, వీధిలో నాయన కంటే చిన్నవాళ్లంతా ఆ వరసే) ఎప్పుడైనా బోరులో ఎన్నించుల నీళ్లు వస్తున్నాయో అడిగి చూశారా? అనంతపురం రైతును అడగకూడని ప్రశ్న అంటూ ఉంటే అదే. వాన నమ్ముకోదగ్గది కాదు, శెనక్కాయ పంట ఒక ఏడాది మూటలిస్తే ఇంకో ఏడాది కట్టెలిస్తుంది, ఉన్న ఆధారమంతా ఆ బోరే. ఐదొందల అడుగుల దగ్గర రెండించులు పడ్డాయని నోరు జారితే, పక్క చేనోడు నెల తిరక్కుండా బండిని పిలిపించి ఏడొందలకు దింపుతాడు, ఆ తర్వాత మీ మోటారు గాలి కక్కుతుంది. అందుకే ఎంత నీళ్లున్నా, ఎవరు అడిగినా, జవాబు ఒకటే. "ఏదో పారుతాంది లేప్పా." అబద్ధం కాదు, నిజమూ కాదు, వినేవాడికి కోపమూ రాదు. దీన్ని మించిన దౌత్యభాష నాకైతే తెలియదు.

కాబట్టి "ఎంతొస్తాది?" అన్నప్పుడు బజ్జి ముక్క నిదానంగా నమిలి మింగి, "ఏదో పారుతాంది చిన్నాయనా" అనండి. అక్కడ ఆగకూడదు. ఆగితే "పారడమంటే ఎంత?" అని తిరిగొస్తాడు. ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా, "అవునూ, మన తోటలో కొత్త బోరు ఎట్లుంది? ఎన్నించులు పడింది?" అనాలి. "మీ బోరు" కాదు, "మన బోరు". గొంతులో ఎగతాళి ఇసుమంత కూడా వినబడకూడదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు, ముఖం మీద దిగులు పెట్టుకుని అడగాలి. అప్పుడు జరిగేదేమిటంటే, ఆయన ఒక్క క్షణం మీ ముఖంలోకి చూస్తాడు, చేతిలోని గ్లాసు తిప్పుతాడు, "ఆఁ, ఏదో పారుతాంది లే" అంటాడు. ఇద్దరూ ఒకే గుట్టు కాపాడుకుంటున్నవాళ్లయ్యారు కాబట్టి ఇక తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ వెంటనే "కరెంటు పగలిస్తాండారా, రాత్రా?" అని ఒక్క మాట అందించండి చాలు, మిగతా అరగంట ఆయనే మాట్లాడతాడు.

అందరికీ బోర్లుండవు కదా అంటారా. ఉద్యోగస్తుడైతే రిటైర్మెంటు డబ్బులు ఎంతొచ్చాయని అడగండి. పెద్దమ్మలైతే మొన్న పెళ్లిలో కోడలికి ఎన్ని తులాలు పెట్టారని అడగండి. ప్రతి ఇంట్లో ఒక బోరు ఉంటుంది, ఎక్కడుందో కనుక్కోవడమే మన పని. ఒక్క హద్దు మాత్రం ఉంది. మూడేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్న కొడుకు ఉన్నాయన దగ్గర "అన్నకు ఉద్యోగం వచ్చిందా?" అనకండి. అది జవాబు కాదు, కత్తి. ఆయన మీ నీళ్లు చూడబోయాడు కానీ మీ మోటారు ఎత్తుకుపోలేదు కదా.

కొందరు మొండివాళ్లు ఉంటారు. బోరు గురించి నాలుగు మాటలు చెప్పి "అది సరే గానీ..." అంటూ మళ్లీ దారికొస్తారు. "అది సరే గానీ" వినబడిందంటే మొదటి మందు పని చేయలేదని గుర్తు. అప్పుడు వినయంగా పూర్తి లెక్క చెప్పడం మొదలుపెట్టాలి. అవును, పూర్తి లెక్క. "ప్యాకేజీ పన్నెండు లక్షలు చిన్నాయనా" అనగానే ఆయన మనసులో పన్నెండుతో భాగించి "నెలకు లక్ష!" అని కళ్లు పెద్దవి చేస్తాడు. చేయనివ్వండి. "ఆగండి, అది కాగితం మీద" అని మొదలుపెట్టండి. "అందులో పది వేలు వేరియబుల్. కంపెనీకి లాభమొస్తే, నా మీద మేనేజర్‌కు ప్రేముంటే, ఏడాది చివర ఇస్తారు, లేకుంటే లేదు. మిగిలింది తొంభై. బేసిక్ నలభై వేలు అనుకో, దాంట్లో పన్నెండు శాతం, అంటే 4,800, కంపెనీ నా పేరున పీఎఫ్‌లో వేస్తుంది."

"మంచిదే కదా, కంపెనీ ఇస్తాంది" అంటాడు ఆయన.

"ఇచ్చేది కంపెనీనే, కానీ ఆ లక్షలోంచే తీసి ఇస్తుంది. గ్రాట్యుటీ అని ఇంకో 1,900 చిల్లర అందులోదే, అది కావాలంటే మామూలుగా ఐదేళ్లు అక్కడే పడుండాలి. మళ్లీ నా వంతు పీఎఫ్ ఇంకో 4,800. ప్రొఫెషనల్ ట్యాక్స్ రెండొందలు. ఇప్పుడు ఎంతుంది చెప్పు? సుమారు 78,300. ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి ఇంకా ఎత్తనేలేదు. ఇక రూము బాడుగకు వస్తే..."

ఈ పాటికి ఆయన చూపు మీ భుజం మీదుగా టవర్ క్లాక్ వైపు పోయి ఉంటుంది. బాడుగ దగ్గరికి రాగానే "సరేప్పా, పనుంది" అంటారు. ఆపకండి, "పాత రెజీము, కొత్త రెజీము తేడా కూడా చెప్తా ఉండు చిన్నాయనా" అనండి. మళ్లీ ఈ జన్మలో అడగరు. ఇంకో లాభం, వీధిలో ఎవరైనా మీ జీతం అడిగితే ఆయన "ఏమోప్పా, అంతా కటింగులే" అని చెప్తాడు. అప్పడిగేవాళ్లు ఆ మాటతో సగం తగ్గుతారు.

పెళ్లి ప్రశ్నకు వద్దాం. "పప్పన్నం ఎప్పుడు పెడతావ్?" అనేవాళ్లు రెండు రకాలు, వాళ్లను విడదీయకుండా జవాబు చెప్పడం ప్రమాదం. నిజంగా చేతిలో సంబంధం ఉన్న మనిషి పది మందిలో అడగదు. మీ అమ్మను వంటింట్లోకి తీసుకుపోయి, ముందు గోత్రం, నక్షత్రం కనుక్కుని, జీతం అన్నిటికంటే చివర అడుగుతుంది. ఆమెకు నిజమే చెప్పండి, ఆ ప్రశ్నలు ఆమె పనిలో భాగం. రెండో రకం బంతిలో కూర్చుని, చేతిలో ఓలిగ పట్టుకుని, అందరికీ వినబడేలా అడుగుతుంది. ఈమె దగ్గర సంబంధం లేదు, ఓలిగలోకి నంజుకోవడానికి ఏదో కావాలి, అంతే. ఆమెతో "మూఢం పోనీ పెద్దమ్మా" అనొచ్చు గానీ, నేను దాన్ని సిఫార్సు చేయను, మూఢం ఎప్పుడు పోతుందో ఆమెకు మీకంటే బాగా తెలుసు, పోయిన మరునాడు ఫోన్ చేస్తుంది. దానికంటే "చదివింపులు ఎంత రాయిస్తావో చెప్పు పెద్దమ్మా, ఇప్పుడే ముహూర్తం పెట్టిస్తా" అని నవ్వుతూ, ఆమె అడిగినంత గట్టిగానే అడగండి. బంతి మొత్తం నవ్వుతుంది, ఆమె కూడా నవ్వాల్సి వస్తుంది, ఓలిగ మీద నెయ్యి వేయమని పక్కకు తిరుగుతుంది.

ఒళ్లు సంగతి మగవాళ్లకు చిన్నదే. "అవును పెదనాయనా, ఈ ఊరి ఉగ్గాని వదలడం లేదు" అంటే ముగిసిపోతుంది. పెళ్లయిన అమ్మాయిని "కొంచెం ఒళ్లొచ్చినట్టుందే" అనడం మాత్రం వేరే, అది బరువు గురించి కాదు. దాని వెనక "ఏమైనా విశేషమా?" నక్కి ఉంటుంది, అదీ అత్తగారు పక్కనుండగానే. కోరి ఆగినవాళ్లుంటారు, ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్లుంటారు, పోగొట్టుకుని నెల కానివాళ్లుంటారు. అక్కడ తమాషా జవాబు ఆ అమ్మాయి వెతుక్కోనక్కర్లేదు. "ఏం లేదు పెద్దమ్మా" అని లేచి వెళ్లిపోవడం పూర్తి మర్యాదే, ఆ తర్వాత మాట మార్చాల్సింది పక్కన కూర్చున్న మొగుడు. బోరు గురించి అడగాల్సింది ఆయనే, వెంటనే.

ఈ విద్యలేవీ పనిచేయని చోటు ఒకటుంది, జేజి. జేజి దగ్గర "ఏదో పారుతాంది" అంటే "నాకా చెప్తాండావ్ పారేది?" అంటుంది, పీఎఫ్ లెక్క చెబితే "అంతా వాళ్లే పట్టుకుంటే నీకేమిస్తారురా?" అని కంపెనీని తిడుతుంది. ఆమెకు నిజం అంకె చెప్పేయాలి. చెవిలో విని, చుట్టూ చూసి, "ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతాది" అని మీ చేత ఒట్టు వేయించుకుని, సాయంత్రం అరుగు మీద కూర్చుని వీధి మొత్తానికి తనే చెప్తుంది, ఇంకో ఇరవై వేలు కలిపి.